ఊరి సున్నా దేశం దాటదు

సికింద్రాబాద్‌లో జనరల్ బజారు నుంచి మహాత్మా గాంధీ రోడ్డు వైపు నడుస్తూ బోర్డుల మీది ఫోన్ నంబర్లను గమనించండి. ఒక కొట్టు వారు ఎనిమిది అంకెలే రాయిస్తారు. పక్క కొట్టు వారు ముందు 040 చేరుస్తారు. ఇంకొకరు +91 40 అని మొదలుపెడతారు. మరికొందరు +91 రాసి, దాని వెనకే 040 కూడా రాసేస్తారు. డాక్టర్ల చీటీల మీద, బడుల ప్రాస్పెక్టస్‌ల మీద, పెళ్లి శుభలేఖల మీద కూడా ఈ చివరి పద్ధతి తరచుగా కనిపిస్తుంది. చూడటానికి అది అన్నిటికన్నా నిండుగా ఉంటుంది. దేశం కోడ్ ఉంది, ఊరి కోడ్ ఉంది, నంబరు ఉంది, ఏదీ వదల్లేదు. కానీ తప్పకుండా పనిచేస్తుందన్న హామీ లేని నంబరు కూడా ఇదే. అందులో ఒక సున్నా ఎక్కువ. ఆ సున్నా ఎందుకు పుట్టిందో, ఎంతవరకు వెళ్తుందో, ఎక్కడ ఆగిపోతుందో ఈ రోజు చెప్పుకుందాం.

హైదరాబాద్‌కూ సికింద్రాబాద్‌కూ కలిపి ఎస్.టి.డి. కోడ్ ఒక్కటే. దాన్ని మనం నాలుక మీద ‘జీరో ఫోర్ జీరో’ అనే పలుకుతాం. అలవాటు వల్ల ఈ మూడంకెలూ ఒకే ముక్క అనుకుంటాం. నిజానికి మన ఊరి కోడ్ రెండంకెలే, 40. ముందున్న సున్నా ఆ కోడ్‌లో భాగం కాదు. బెంగళూరు కోడ్ 80, చెన్నై కోడ్ 44, ముంబై కోడ్ 22. వరంగల్ కోడ్ 870, కరీంనగర్ కోడ్ 878, నిజామాబాద్ కోడ్ 8462. వీటిలో ఏదీ సున్నాతో మొదలుకాదు. దేశం మొత్తంలో సున్నాతో మొదలయ్యే ఊరి కోడ్ ఒక్కటి కూడా లేదు. కావాలనే అలా ఉంచారు.

ఎందుకో తెలియాలంటే నంబరు పలక తిప్పే పాత ఫోన్ల కాలానికి వెళ్లాలి. పలక మీద ఒకటి తిప్పితే తీగ మీద ఒక విద్యుత్ తుంపు వెళ్లేది. రెండు తిప్పితే రెండు తుంపులు. సున్నా తిప్పితే పది. ఎక్స్చేంజిలోని యంత్రం ఎన్ని తుంపులు వస్తే అన్ని మెట్లు పైకి ఎక్కి, ఆ మెట్టు మీది తీగలను పట్టుకునేది. అంటే సున్నా అన్నిటికన్నా పైమెట్టు. ఊళ్లో వాళ్ల ఫోన్ నంబర్లు సున్నాతో మొదలు కాకుండా చూసి, ఆ పైమెట్టును ఖాళీగా ఉంచి, దాన్ని బయటి ఊళ్లకు వెళ్లే తీగలకు కలిపారు. ఆ తీగలనే ట్రంకు లైన్లు అనేవారు. మన పెద్దలు గంటల తరబడి బుక్ చేసుకుని ఎదురుచూసిన ట్రంకు కాల్‌కు ఆ పేరు వచ్చిందీ అక్కడి నుంచే.

మన దేశంలో ఆపరేటర్ అక్కర్లేకుండా చందాదారు తానే బయటి ఊరికి ఫోన్ చేసుకునే సదుపాయం 1960లో కాన్పూర్, లక్నోల మధ్య మొదలైంది. ఎస్.టి.డి. అంటే అదే. ఆ తర్వాత అది దేశమంతా పాకింది. ఎనభైల చివర్లో, తొంభైల్లో పసుపు రంగు బూత్‌ల రూపంలో సికింద్రాబాద్ స్టేషన్ ఎదుట, మోండా మార్కెట్ సందుల్లో, ప్రతి మలుపులో వెలిసింది. ఆ బూత్‌లలో మనం ముందు నొక్కిన సున్నా ఎవరి ఫోన్ నంబరులోనిదీ కాదు. అది మన ఎక్స్చేంజికి మనం చెప్పే మాట: ఈ కాల్ ఊరు దాటి వెళ్లాలి, ఇక నేను నొక్కబోయేది ఊరి కోడ్ అని. ఎక్స్చేంజి ఆ మాట వింటుంది, కాల్‌ను ట్రంకు లైన్ మీదికి మళ్లిస్తుంది, సున్నాను అక్కడే వదిలేస్తుంది. అవతలి ఊరి ఎక్స్చేంజికి ఆ సున్నా చేరాల్సిన అవసరం లేదు.

పోస్టాఫీసులో పక్కపక్కనే రెండు డబ్బాలుండేవి, ఒకటి స్థానిక ఉత్తరాలకు, ఒకటి ఇతర ఊళ్లకు. ఏ డబ్బాలో వేయాలో మనం చూసుకుని వేసేవాళ్లం. కానీ కవరు మీద చిరునామాలో ‘ఇతర ఊళ్ల డబ్బా’ అని ఎవరూ రాసేవారు కాదు. ఎస్.టి.డి. సున్నా ఆ డబ్బా, 40 తర్వాత ఎనిమిది అంకెలు చిరునామా.

యంత్రాలు మారాయి. మెట్లు ఎక్కే యంత్రాల స్థానంలో కంప్యూటర్ ఎక్స్చేంజీలు వచ్చాయి. ఇప్పుడు ఎక్స్చేంజి చేసే పని ఇంకా స్పష్టంగా ఉంటుంది. మీరు ల్యాండ్‌లైన్ నుంచి ముందు ఒక సున్నా నొక్కితే అది ఆ సున్నాను తీసేసి, మిగిలిన నంబరుకు ‘ఇది దేశంలోని నంబరు’ అనే గుర్తు తగిలిస్తుంది. రెండు సున్నాలు నొక్కితే రెండింటినీ తీసేసి ‘ఇది అంతర్జాతీయ నంబరు’ అనే గుర్తు పెడుతుంది. ఒక ఎక్స్చేంజి నుంచి ఇంకో ఎక్స్చేంజికి ప్రయాణించేది ఆ గుర్తూ, అసలు అంకెలూ మాత్రమే. సెల్‌ఫోన్‌లో మనం పెట్టే ప్లస్ కూడా ఇలాంటిదే. ప్లస్ ఒక అంకె కాదు. మీరు ప్లస్ పెట్టిన వెంటనే మీ ఫోన్ ఆ నంబరుకు అంతర్జాతీయ గుర్తు తగిలించి పంపుతుంది. అందుకే ప్లస్ పెట్టాక రావాల్సింది నేరుగా దేశం కోడ్, దాని వెనక ఊరి కోడ్, దాని వెనక నంబరు. మధ్యలో ఎక్స్చేంజికి చెప్పాల్సిన మాట ఏదీ మిగల్లేదు. ఆ మాట ప్లస్ అప్పటికే చెప్పేసింది.

ఇప్పుడు ఒక కాల్ వెంట మొదటి నుంచి చివరిదాకా వెళ్దాం.

వెస్ట్ మారేడ్‌పల్లిలో ఉండే ఒక తండ్రిని రాత్రివేళ ఆసుపత్రిలో చేర్చారనుకుందాం. కొడుకు అమెరికాలో, డల్లాస్‌లో ఉన్నాడు. తల్లి సెల్‌ఫోన్ ఛార్జింగ్ అయిపోయింది. ఆసుపత్రి రసీదును అంతకు ముందే ఎవరో ఫొటో తీసి పంపారు. దాని మీద రిసెప్షన్ నంబరు +91, తర్వాత 040, తర్వాత 27తో మొదలయ్యే ఎనిమిది అంకెలు అని ఉంది. సికింద్రాబాద్ వైపు పాత బి.ఎస్.ఎన్.ఎల్. నంబర్లు చాలావరకు 27తో మొదలవుతాయి కాబట్టి ఆ నంబరు చూడగానే మన ప్రాంతానిదే అని అతనికి తెలుస్తుంది. ఉన్నది ఉన్నట్టు నొక్కుతాడు.

అతని ఫోన్ ప్లస్‌ను చూసి అంతర్జాతీయ గుర్తు పెడుతుంది. అమెరికా కంపెనీ ఎక్స్చేంజి మొదటి రెండంకెలు చూస్తుంది, 9, 1. అది భారతదేశం. వేరే ఏ దేశం కోడూ 91తో మొదలుకాదు కాబట్టి అది ఇక ముందుకు చూడాల్సిన పని లేదు. కాల్‌ను భారత్ వైపు వెళ్లే దారికి అప్పగిస్తుంది. ఇక్కడిదాకా తప్పు బయటపడదు. కాల్ మన దేశపు అంతర్జాతీయ ద్వారం దగ్గరికి చేరుతుంది. అక్కడి ఎక్స్చేంజి 91ని పక్కన పెట్టి, మిగిలిన అంకెలను దేశంలోని నంబరుగా చదవడం మొదలుపెడుతుంది. 40 ఉంటే హైదరాబాద్‌కు పంపేది. 44 ఉంటే చెన్నైకి పంపేది. కానీ దానికి కనబడుతున్న మొదటి అంకె సున్నా. దాని పట్టికలో సున్నాతో మొదలయ్యే ఊరు లేదు. ఇందాక చెప్పుకున్నాం, కావాలనే లేకుండా చేశారని. ఈ నంబరు ఎవరికీ కేటాయించలేదన్న అర్థం వచ్చే సంకేతాన్ని అది వెనక్కి పంపుతుంది. ఆ సంకేతం డల్లాస్ చేరుతుంది. అక్కడి కంపెనీ తన రికార్డు వినిపిస్తుంది, మీరు నొక్కిన నంబరు సరైనది కాదని.

కొడుకు ఏమనుకుంటాడు? ఆసుపత్రి ఫోన్ పనిచేయడం లేదనుకుంటాడు. లేదా ఫొటోలో అంకె సరిగా కనబడలేదనుకుంటాడు. ఇంకోసారి జాగ్రత్తగా అవే అంకెలు నొక్కుతాడు. మళ్లీ అదే రికార్డు. ఆ రాత్రి అతను వెతకాల్సింది ఫోన్ లైన్‌లో లోపాన్ని కాదు, నంబరు మధ్యలో దాక్కున్న ఒక్క సున్నాను. అది తీసేసి +91 40 27, ఆ తర్వాత మిగిలిన ఆరు అంకెలు నొక్కితే రిసెప్షన్‌లో గంట మోగుతుంది.

ఇలాంటప్పుడు తప్పు సున్నాదా, లైన్‌దా అని తెలుసుకునే దారి ఉంది. అవతల లైన్ బిజీగా ఉంటే బిజీ టోన్ వస్తుంది. ఎవరూ ఎత్తకపోతే గంట మోగి మోగి ఆగిపోతుంది. సున్నా ఎక్కువైతే చాలాసార్లు గంటే మోగదు. నొక్కిన కొద్ది సెకన్లలోనే రికార్డు మొదలవుతుంది. పగలు చేసినా రాత్రి చేసినా, పది నిమిషాల తర్వాత చేసినా అదే రికార్డు, అదే వ్యవధిలో. అలా ప్రతిసారీ ఒకేలా విఫలమైతే ముందు నంబరు రాసిన తీరునే అనుమానించాలి. కొన్ని కంపెనీల ఎక్స్చేంజీలు మధ్యలో సున్నా కనబడితే తామే తీసేసి పంపుతాయి. అందువల్ల ఒకరికి కలిసిన నంబరు ఇంకొకరికి కలవదు. ‘మా చెల్లెలు లండన్ నుంచి ఇదే నంబరుకు చేసింది, బాగానే కలిసింది’ అని ఇంట్లో వాదనలు జరిగేది ఇందుకే. ఆ సాయం ఒక కంపెనీ దయ మాత్రమే. మన దగ్గర తప్పుగా రాసిన నంబరుకు దాని మీద ఆధారపడే హక్కు లేదు.

ఇప్పుడు ఇంకో రకం తప్పు చూద్దాం. ఇది రికార్డు వినిపించే తప్పు కన్నా చెడ్డది. ఎందుకంటే ఇందులో గంట మోగుతుంది.

మన పిల్లలు చదువుకోసం జర్మనీ వెళ్తున్నారు. ఇంటి ల్యాండ్‌లైన్ నంబరు వాళ్ల ఫోన్‌లో ఇక్కడ ఉన్నప్పుడు సేవ్ చేసుకున్నట్టే ఉంటుంది, 040 తర్వాత ఎనిమిది అంకెలు. మన దేశంలో సెల్‌ఫోన్ నుంచి ల్యాండ్‌లైన్‌కు చేయాలంటే సొంత ఊళ్లో ఉన్నా ఊరి కోడ్ పెట్టాలి. సెల్‌ఫోన్ ఏ ఒక్క ఊరికీ కట్టుబడి ఉండదు కాబట్టి ఎనిమిది అంకెలు మాత్రమే నొక్కితే ఏ ఊరి ఎనిమిది అంకెలో నెట్‌వర్క్‌కు తెలియదు. అందుకే 040తో సేవ్ చేసుకోవడం ఇక్కడ సరైన పనే. కానీ ఆ పిల్లవాడు జర్మన్ సిమ్ వేసుకుని, పాత పేరు మీదే నొక్కి ఇంటికి ఫోన్ చేస్తాడు. జర్మనీలోనూ ఊరు దాటే కాల్‌కు ముందు సున్నాయే పెడతారు. ఆ దేశంలో 40 అనేది హాంబర్గ్ నగరపు కోడ్. హాంబర్గ్‌లో 27తో మొదలయ్యే నంబర్లూ ఉన్నాయి. మన సికింద్రాబాద్ ఇంటి నంబరును జర్మన్ ఎక్స్చేంజి హాంబర్గ్‌లోని ఎవరిదో నంబరుగా చదువుకుని అటు పంపడానికి అన్ని అవకాశాలూ ఉన్నాయి. పక్కనున్న నెదర్లాండ్స్‌లో ఐండ్‌హోవెన్ నగరానికీ 040యే. ఐండ్‌హోవెన్ నంబర్లు ఏడంకెలవి. అక్కడ మన ఎనిమిదంకెల నంబరులో మొదటి ఏడూ సరిపోతే, ఎనిమిదో అంకె దాకా ఆగకుండానే కాల్ కలిసిపోవచ్చు. దుబాయ్‌లో ఊరి కోడ్ 4, ముందు సున్నాతో 04. మన 040లోని మొదటి రెండంకెలను అక్కడి ఎక్స్చేంజి దుబాయ్ కోడ్‌గా చదువుకుని, మూడో అంకె దగ్గర ఏమీ దొరక్క ఆగిపోతుంది.

040 అనే మూడంకెలు హైదరాబాద్‌ను సూచిస్తాయని మనం అనుకుంటాం. భారతదేశం లోపల మాత్రమే అవి ఆ పని చేస్తాయి. సున్నాతో మొదలయ్యే ఏ నంబరైనా ‘నేను ఏ దేశంలో ఉంటే ఆ దేశంలో’ అన్న షరతుతోనే చెల్లుతుంది. ప్లస్‌తో మొదలయ్యే నంబరుకు ఆ షరతు లేదు. అది డల్లాస్‌లోనూ, హాంబర్గ్‌లోనూ, తార్నాకలోనూ ఒకే ఇంటిని చూపిస్తుంది. సెల్‌ఫోన్‌లో సేవ్ చేసుకునే ప్రతి నంబరునూ ప్లస్ 91తో రాసుకోమని నేను చెప్పేది అందుకే. ఇక్కడ ఉన్నప్పుడూ అది పనిచేస్తుంది, రేపు విమానం దిగినచోటా పనిచేస్తుంది.

రాసిన నంబరు సరిగా ఉందో లేదో చూసుకునే తేలికైన లెక్క కూడా మన దేశపు నంబర్లలోనే ఉంది. ఊరి కోడ్, ఇంటి నంబరు కలిపితే మన దగ్గర పది అంకెలు. పెద్ద నగరాలకు కోడ్ పొట్టి, నంబరు పొడుగు. చిన్న ఊళ్లకు కోడ్ పొడుగు, నంబరు పొట్టి. హైదరాబాద్‌కు రెండంకెల కోడ్, ఎనిమిదంకెల నంబరు. కరీంనగర్‌కు మూడంకెల కోడ్, ఏడంకెల నంబరు. నిజామాబాద్‌కు నాలుగంకెల కోడ్, ఆరంకెల నంబరు. సెల్ నంబరు ఎలాగూ పది అంకెలే. ముందు 91 చేర్చితే పన్నెండు. కాబట్టి ప్లస్ తర్వాత పన్నెండు అంకెలుంటే రాత సరైనది. పదమూడు ఉంటే ఎక్కడో ఎస్.టి.డి. సున్నా మిగిలిపోయింది. పదకొండే ఉంటే ఒక అంకె ఎక్కువ తీసేశారు.

ఆ పదకొండు ఎలా వస్తాయో కూడా చెప్పాలి. సున్నా తీసేయాలని విన్నవారు కొందరు 040లో ఉన్న రెండు సున్నాలనూ తీసేస్తారు. అప్పుడు 4 ఒక్కటే మిగులుతుంది, ఊరు పోతుంది. తీయాల్సింది 4కు ముందున్న సున్నా. 4 తర్వాతి సున్నా మన ఊరి కోడ్‌లోనిది, దాన్ని ముట్టుకోకూడదు. బెంగళూరు 080కి కూడా ఇంతే, మొదటిది పోతుంది, చివరిది ఉంటుంది.

ల్యాండ్‌లైన్ సంగతి అలా ఉంచితే, సెల్ నంబర్లకు సున్నా ఎలా అంటుకుందో చూడాలి. ఒకప్పుడు వేరే రాష్ట్రం సెల్ నంబరుకు చేయాలంటే ముందు సున్నా పెట్టాల్సి వచ్చేది. ఆ కాలంలో సేవ్ చేసుకున్న నంబర్లు ఫోన్లు మారినా సిమ్‌లు మారినా అలాగే వస్తున్నాయి. ఆ తర్వాత 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ నుంచి ఏ సెల్‌ఫోన్‌కు చేసినా ముందు సున్నా తప్పనిసరి అయింది. దానికి మంచి కారణమే ఉంది. ల్యాండ్‌లైన్ ఎక్స్చేంజి మొదటి అంకెను బట్టే ఇది సెల్ నంబరా, ఊళ్లోని ల్యాండ్‌లైన్ నంబరా అని తేల్చుకోవాల్సి వచ్చేది. సెల్ నంబర్ల కోసం కొత్త అంకెల వరుసలు కావాల్సి వచ్చినప్పుడు ఆ వరుసలతో మొదలయ్యే ల్యాండ్‌లైన్ నంబర్లు అడ్డొచ్చాయి. ముందు సున్నా పెడితే రెండింటికీ తేడా తెలిసిపోతుంది. ఆ ఒక్క మార్పుతో 254 కోట్లకు పైగా కొత్త నంబర్లకు చోటు దొరుకుతుందని అప్పట్లో టెలికాం శాఖ లెక్క చెప్పింది. ఇక 2025 ఫిబ్రవరిలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఇంకో సిఫారసు చేసింది. ల్యాండ్‌లైన్ నుంచి ల్యాండ్‌లైన్‌కు సొంత ఊళ్లో చేసినా సున్నా, ఊరి కోడ్, నంబరు అన్నీ నొక్కాలని. అంటే మారేడ్‌పల్లి నుంచి బోయినపల్లికి కూడా 040 పెట్టాలని. సున్నా దేశం లోపల ఇంకా బలపడుతోందన్న మాట. అది బలపడిన కొద్దీ నంబరుకు అంటుకుని దేశం దాటే ప్రమాదమూ పెరుగుతుంది.

వాట్సాప్ వచ్చాక ఈ గొడవ పోయిందనుకునేవారున్నారు. పోలేదు. కొత్తవారికి వాట్సాప్‌లో సందేశం పంపేందుకు వాడే లింకు ఉంటుంది, wa.me తర్వాత నంబరు. అందులో ప్లస్ కూడా పెట్టకూడదు, మధ్యలో గీతలూ బ్రాకెట్లూ పెట్టకూడదు, ముందు సున్నా పెట్టకూడదు. 91తో మొదలయ్యే పన్నెండు అంకెలు మాత్రమే ఉండాలి. ఇక్కడి చీరల వ్యాపారులు, పచ్చళ్లు పంపేవారు అమెరికా కొనుగోలుదారుల కోసం ఈ లింకులు పెట్టుకుంటున్నారు. అందులో 91 తర్వాత సున్నా దూరితే, లింకు నొక్కినవాళ్లకు ఆ నంబరు వాట్సాప్‌లో లేదనే కనిపిస్తుంది. వ్యాపారి తన ఫోన్‌లో ఎదురుచూస్తూనే ఉంటాడు. తప్పు జరిగిందని అతనికి చెప్పేవారు కూడా ఉండరు.

ఇంకో అలవాటు ఉంది, సున్నాను బ్రాకెట్‌లో పెట్టడం. +91, బ్రాకెట్‌లో సున్నా, తర్వాత 40. ఇంగ్లండులో ఇది బాగా వాడుకలో ఉంది, మన ఆఫీసు లెటర్‌హెడ్‌ల మీదా కనిపిస్తుంది. రాసినవారి ఉద్దేశం మంచిదే. దేశంలోవారు సున్నా నొక్కండి, బయటివారు వదిలేయండి అని వాళ్ల భావం. కానీ ఆ భావం రాసినవారికే తెలుసు. చదివినవారిలో కొందరు సున్నాతో సహా నొక్కుతారు. వెబ్‌సైటులో నంబరు మీద వేలు పెడితే ఫోన్ బ్రాకెట్లను తీసేసి, సున్నాను ఉంచి కాల్ చేయవచ్చు. ఫోన్ నంబర్లు ఎలా రాయాలో చెప్పే అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ సిఫారసు ఇ.123 అంతర్జాతీయ నంబరులో బ్రాకెట్లు వాడవద్దనే చెప్తుంది. దాని ప్రకారం రెండు రకాలుగా రాయాలనుకుంటే రెండు వరుసల్లో రాయాలి. ఒక వరుసలో 040తో దేశంలోని నంబరు, దాని కింద +91 40తో అంతర్జాతీయ నంబరు. బోర్డు మీద ఒక్క వరుసకే చోటు ఉంటే ప్లస్ ఉన్నది రాయాలి.

మనవాళ్లు గల్ఫ్ నుంచి ఇచ్చే నంబర్లకూ ఈ లెక్క వర్తిస్తుంది, కానీ దేశాన్ని బట్టి మారుతుంది. జగిత్యాల, సిరిసిల్ల వైపు నుంచి దుబాయ్ వెళ్లినవారు తమ సెల్ నంబరు 050 అనో 055 అనో మొదలుపెట్టి చెప్తారు. అక్కడా ముందు సున్నా మన సున్నా లాంటిదే. ఇక్కడి నుంచి చేసేటప్పుడు +971 తర్వాత నేరుగా 50 అనాలి. సౌదీ కూడా అంతే. కడప, గోదావరి జిల్లాల నుంచి కువైట్ వెళ్లినవారు ఇచ్చే నంబరులో ఎనిమిది అంకెలే ఉంటాయి, ముందు సున్నా ఉండదు. అక్కడ తీయాల్సింది ఏమీ లేదు, +965 చేర్చితే చాలు. వైద్యం చదవడానికి రష్యా వెళ్లిన పిల్లలు చెప్పే నంబరు 8తో మొదలవుతుంది. అక్కడ ఊరు దాటే కాల్‌కు సున్నా బదులు 8 వాడతారు. కాబట్టి +7 పెట్టి ఆ 8ని వదిలేయాలి. ఇటలీ మాత్రం దీనికి అడ్డంగా ఉంటుంది. 1998లో ఆ దేశం ల్యాండ్‌లైన్ నంబర్లలో ముందు సున్నాను నంబరులోనే కలిపేసింది. రోమ్‌కు చేయాలంటే +39 తర్వాత 06 అనే నొక్కాలి, సున్నా తీస్తే కలవదు. ఇటలీ సెల్ నంబర్లకు మాత్రం ముందు సున్నా లేదు. అందుకే వేరే దేశం నంబరు రాసుకునేటప్పుడు అది ఇచ్చినవారినే అడగడం మేలు, ‘మీకు ఇండియా నుంచి చేయాలంటే ఎలా నొక్కాలి’ అని.

విదేశాల నుంచి చేసేవారికి అస్సలు పనికిరానివి కూడా కొన్ని ఉన్నాయి. రైళ్ల వివరాలు చెప్పే 139 లాంటి చిన్న నంబర్లు దేశం లోపల వాడుకోవడానికి ఉన్నవి. వాటి ముందు +91 పెట్టినా కలుస్తాయని అనుకోకూడదు. 1800తో మొదలయ్యే ఉచిత నంబర్లు కూడా బయటి నుంచి చాలావరకు కలవవు. బ్యాంకులు, బీమా కంపెనీలు విదేశీ ఖాతాదారుల కోసం వేరే మామూలు నంబరు ఇస్తాయి. దాన్ని అడిగి రాసుకోవాలి.

ల్యాండ్‌లైన్ వాడకం తగ్గిపోయిందన్నది నిజమే. కానీ మిగిలిన ల్యాండ్‌లైన్లు ఎక్కడున్నాయో చూడండి. ఆసుపత్రుల రిసెప్షన్‌లో, బడుల ఆఫీసుల్లో, బ్యాంకు శాఖల్లో, పోలీస్ స్టేషన్లలో, అపార్ట్‌మెంట్ గేటు దగ్గర, సెల్‌ఫోన్ మీటలు కనబడని వృద్ధుల ఇళ్లలో. దూరాన ఉన్న పిల్లలు అత్యవసరంగా వెతికే నంబర్లు ఇవే. వాళ్లకు ఆ వేళ తప్పు నంబరు దొరకకూడదు.

మీరు సికింద్రాబాద్‌లో కొట్టు నడుపుతున్నా, క్లినిక్ నడుపుతున్నా, బడిలో పనిచేస్తున్నా, మీ బోర్డు మీద, రసీదు మీద, వెబ్‌సైటులో ప్లస్ 91 తర్వాత సున్నా ఉందేమో చూడండి. ఉంటే తీయించండి. మీ పిల్లలు బయటి దేశంలో ఉంటే, ఈ వారం వాళ్లు ఫోన్ చేసినప్పుడు ఇంటి ల్యాండ్‌లైన్ నంబరును ప్లస్, 91, 40, ఆపైన ఎనిమిది అంకెలుగా చదివి రాయించండి. ఒకసారి ఆ నంబరుకే చేయమనండి. ఇంట్లో గంట మోగేదాకా లైన్ మీదే ఉండమనండి.